ఆపరేషన్ అయినా, కాపర్ టి ఉన్నా నెల తప్పితే

"ఆపరేషన్ అయిపోయింది కదా డాక్టరుగారూ, ఇంకా ఆ పరీక్ష ఎందుకు?" కడుపునొప్పితో వచ్చిన ఆడవాళ్ళకి గర్భం పరీక్ష చేయిస్తామంటే మేము తరచుగా వినే మాట ఇది. వాళ్ళ తప్పేం లేదు. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ అంటే ఇక ఆ ప్రసక్తే ఉండదని అందరూ చెబుతారు. నిజానికి నూటికి తొంభై తొమ్మిదిమంది విషయంలో అది నిజమే. మిగిలిన ఆ ఒక్కరి గురించే ఇవాళ మాట్లాడదామనుకుంటున్నాను. ఎందుకంటే ఆ ఒక్కరికి వచ్చిన గర్భం గర్భసంచిలో కాకుండా ట్యూబులో నిలిచే అవకాశం మామూలు గర్భానికంటే చాలా ఎక్కువ. ట్యూబులో నిలిచిన గర్భం పగిలితే కడుపు లోపలే రక్తస్రావమై ప్రాణం మీదికొస్తుంది.

ఇది మన ప్రాంతానికి బాగా దగ్గరి విషయం. 2019 నుంచి 2021 దాకా జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళై కాపురం చేస్తున్న పునరుత్పత్తి వయసు స్త్రీలలో నూటికి దాదాపు 70 మందికి ఈ ఆపరేషన్ అయింది. తెలంగాణలో 60 మందికి పైగానే. దేశం మొత్తం మీద చూస్తే ఆ సంఖ్య 38 దగ్గరే ఉంది. పైగా మన దగ్గర చాలామందికి పాతికేళ్ళు నిండకముందే, రెండో కాన్పు పక్కమీదే ఆపరేషన్ అయిపోతుంది. అంటే ఆ తరవాత ఇరవై ఏళ్ళపాటు అండాలు విడుదలవుతూనే ఉంటాయి. అన్నేళ్ళలో ఎప్పుడో ఒకసారి ఆపరేషన్ దారి తప్పడానికి కావలసినంత సమయం ఉంటుంది.

ముందు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. గర్భసంచికి రెండు వైపులా రెండు సన్నని గొట్టాలుంటాయి. వాటినే ట్యూబులు, అండవాహికలు అంటాం. అండాశయం నుంచి నెలకొకసారి వచ్చే అండం ట్యూబు చివరి భాగంలోకి చేరుతుంది. వీర్యకణం గర్భసంచి వైపు నుంచి ఎదురొచ్చి అక్కడే దాన్ని కలుస్తుంది. అంటే గర్భం మొదలయ్యేది ట్యూబు బయటి సగంలో. అలా కలిసిన పిండం మూడు నాలుగు రోజులు మెల్లగా వెనక్కి ప్రయాణించి గర్భసంచిలోకి దిగి, వారం తిరిగేసరికి అక్కడ అతుక్కుంటుంది. ట్యూబు లోపలి గోడ మీద కంటికి కనిపించని సన్నని నూగు ఉంటుంది. అది ఒకే దిశలో ఊగుతూ పిండాన్ని గర్భసంచి వైపు నెడుతుంది.

ఆపరేషన్‌లో మేము చేసేది ఈ గొట్టాన్ని మధ్యలో తెంపడం. కాన్పు తరవాత చేసేటప్పుడు బొడ్డు కింద చిన్న కోత పెట్టి, ట్యూబును మడతలా పైకి తీసి, త్వరగా కరిగిపోయే దారంతో ముడివేసి, ముడి పైనున్న మడతను కత్తిరించేస్తాం. దారం కొన్నాళ్ళకి కరిగిపోయి, తెగిన రెండు కొసలూ విడిపోయి, దూరం జరిగి, దేనికదిగా మూసుకుపోతాయి. ల్యాప్రోస్కోపితో చేసేటప్పుడు ట్యూబు మడత మీదికి గట్టి సిలికాన్ రింగును జారుస్తాం. కొన్ని దేశాల్లో కరెంటుతో కాల్చే పద్ధతి కూడా బాగా వాడారు.

మరి ఎక్కడ తప్పుతుంది? ఒక్కోసారి రింగు ట్యూబు మీద కాక పక్కనే దాన్ని పోలి ఉండే గర్భసంచి లిగమెంటు మీద పడుతుంది. అలాంటప్పుడు ఆ వైపు ట్యూబు తెరుచుకునే ఉంటుంది కాబట్టి గర్భం కొద్ది నెలల్లోనే, మామూలుగా గర్భసంచిలోనే వస్తుంది. ఒక్కోసారి ఆపరేషన్ రోజుకే ఆమె గర్భవతి అయి ఉంటుంది, పరీక్షలో తేలనంత తొలిరోజుల్లో. అందుకే కాన్పుతో సంబంధం లేకుండా చేసే ఆపరేషన్‌ను నెలసరి మొదలైన వారం రోజుల లోపు చేయమంటారు. ఇవి రెండూ అర్థం చేసుకోవడం తేలికే.

మూడోదే ఇవాళ్టి విషయం. శరీరానికి గాయాన్ని మాన్పుకునే గుణం ఉంది. తెగిన కొసల మధ్య ఏళ్ళు గడిచాక ఒక సన్నని దారి మళ్ళీ ఏర్పడవచ్చు. లేదా గర్భసంచి వైపు మిగిలిన ట్యూబు ముక్క కొసలో చిన్న రంధ్రం పడి, కడుపులోకి తెరుచుకోవచ్చు. ఆ దారి ఎంత సన్ననిదో ఊహించడానికి జల్లెడ గుర్తు తెచ్చుకోండి. పిండి దిగిపోతుంది, తవుడు పైనే ఆగిపోతుంది. వీర్యకణం తల వెడల్పు మిల్లీమీటరులో వెయ్యో వంతులు మూడంటే మూడు. అండం వెడల్పు మిల్లీమీటరులో పదో వంతు కంటే కాస్త ఎక్కువ, అంటే నలభై రెట్లు. వీర్యకణం ఆ సన్నని దారిగుండా అవతలికి వెళ్ళగలదు. అక్కడ అండాన్ని కలిశాక, ఆ పిండం మాత్రం అదే దారిలో వెనక్కి రాలేదు. దారి ఉన్నా, అక్కడ మచ్చకట్టిన గోడకి నూగు లేదు, నెట్టేవాళ్ళు లేరు. పిండం ఎక్కువ రోజులు ఆగదు. అతుక్కునే వేళ వచ్చేసరికి ఎక్కడుంటే అక్కడే వేళ్ళూనుతుంది. అక్కడున్నది ట్యూబు.

కాపర్ టి సంగతి వేరు. అది ట్యూబుని ముట్టుకోదు, గర్భసంచిలో కూర్చుంటుంది. అక్కడ విడుదలయ్యే రాగి వీర్యకణాలను చాలావరకు దెబ్బతీస్తుంది. పరాయి వస్తువు ఉందని గర్భసంచి లోపలి పొర కూడా ఎదురు తిరిగి, పిండం అతుక్కోవడానికి పనికిరాని స్థితిలో ఉంటుంది. అంటే గర్భసంచికి రెండు కాపలాలు. ట్యూబుకి మాత్రం మొదటిది ఒక్కటే. ఎప్పుడో ఏ వీర్యకణమో తప్పించుకుని ట్యూబు దాకా వెళ్ళి అండాన్ని కలిస్తే, ఆ పిండానికి గర్భసంచిలో చోటు దొరకడం కష్టం, ట్యూబులో అడ్డు చెప్పేవారు తక్కువ. కాపర్ టి ట్యూబులో గర్భాన్ని తెచ్చిపెట్టదు. గర్భసంచిలో వచ్చే గర్భాల్ని దాదాపుగా ఆపేసి, ట్యూబులో వచ్చే వాటిని అంత గట్టిగా ఆపలేకపోతుంది. అందుకని మిగిలిన కొద్ది గర్భాల్లో ట్యూబువాటి వంతు పెరిగి కనిపిస్తుంది.

ఇక్కడ చాలామంది, ఒక్కోసారి మా వైద్యులు కూడా, పొరబడే లెక్క ఒకటుంది. కాపర్ టి వేయించుకుంటే ట్యూబులో గర్భం వస్తుందట అని ఊళ్ళో అనుకుంటారు. అది అబద్ధం. వెయ్యిమంది ఏ జాగ్రత్తా లేకుండా ఏడాది కాపురం చేస్తే సుమారు 850 మందికి గర్భం వస్తుంది. మామూలుగా నూరు గర్భాల్లో ఒకటో రెండో ట్యూబులో ఉంటాయి. అంటే ఆ వెయ్యిమందిలో ఒక్క ఏడాదికే ఎనిమిది నుంచి పదిహేడు మందికి ట్యూబులో గర్భం. అదే వెయ్యిమంది కాపర్ టి పెట్టించుకుంటే ఏడాదిలో ఆరుగురికో ఎనిమిదిమందికో గర్భం వస్తుంది. అందులో పదీ పదిహేను మందికి ఒకరి చొప్పున ట్యూబులో ఉంటుందనుకున్నా, వెయ్యిమందికి ఒక్కరు కూడా తేలరు. ఆపరేషన్ అయినవాళ్ళ లెక్కకి అమెరికాలో 10,685 మందిని ఏళ్ళ తరబడి వెంబడించిన అధ్యయనం ఒకటుంది, 1996, 97లలో ఫలితాలు అచ్చయ్యాయి. వాళ్ళలో 143 మందికి గర్భం వచ్చింది, అందులో 47 ట్యూబులో నిలిచినవి. ప్రతి ఒక్కరినీ పదేళ్ళూ గమనించినట్టు లెక్కగడితే వెయ్యిమందికి ఏడుగురు. అంటే ఏ జాగ్రత్తా లేనివాళ్ళకి ఒక్క ఏడాదిలో వచ్చే ముప్పు, ఆపరేషన్ అయినవాళ్ళకి పదేళ్ళు కలిపినా రాదు.

కాబట్టి భయపడి కాపర్ టి తీయించుకోనక్కర్లేదు. కానీ అదే లెక్కని రెండో వైపు నుంచి చూడండి. ఆపరేషన్ అయిన మనిషికి నెల తప్పి, పరీక్షలో రెండు గీతలు వచ్చాయంటే ఇక వెయ్యిమంది లెక్క ఆమెకి పనికిరాదు. ఆమె ఆ 143 మందిలో చేరిపోయింది. అక్కడ ప్రతి ముగ్గురిలో ఒకరికి గర్భం ట్యూబులో ఉంది.

ఆ అధ్యయనంలో ఇంకో రెండు సంగతులు మనకి పనికొస్తాయి. ట్యూబుని కాల్చే పద్ధతుల్లో ఒకదానిలో ఈ ముప్పు ఎక్కువ, కాన్పు వెంటనే కోసి ముడివేసే పద్ధతిలో అన్నిటికంటే తక్కువ. మన దగ్గర ఎక్కువగా జరిగేది ఆ రెండోదే, అది మంచి కబురు. ఇక రెండో సంగతి కాలం గురించి. ఆపరేషన్ అయిన మొదటి రెండు మూడేళ్ళే జాగ్రత్తగా ఉండాలని అనుకుంటాం. అలా కాదు. నాలుగో ఏట నుంచి పదో ఏట దాకా కూడా ట్యూబులో గర్భాలు మొదటి మూడేళ్ళలాగే వస్తూ పోయాయి. ఆపరేషన్ అయి ఎనిమిదేళ్ళయింది కాబట్టి ఇక పర్వాలేదనే మాటకి ఆధారం లేదు.

ఇప్పుడు ఒక మనిషిని ఊహించుకుందాం. నిజంగా ఉన్న ఫలానా ఆమె కాదు గానీ, కాన్పుల వార్డులో పనిచేసిన ఏ నర్సుని అడిగినా ఇలాంటావిణ్ణి చూశామనే చెబుతారు. ఆమెకి 32 ఏళ్ళు. ఇద్దరు పిల్లలు. 24వ ఏట రెండో కాన్పప్పుడు ఆపరేషన్ అయింది. ఈ నెల పది రోజులు ఆలస్యమైంది. ఆ తరవాత మూడు రోజులు కొద్దికొద్దిగా, గోధుమరంగులో మరకలు కనిపించాయి. నెలసరి అయిపోయిందిలే అనుకుంది. ఇక్కడే మొదటి మోసం జరుగుతుంది. ట్యూబులో గర్భం ఉన్నప్పుడు కనిపించే ఈ కొద్దిపాటి రక్తాన్ని చాలామంది నెలసరే అనుకుంటారు. తేడా పరిమాణంలో ఉంటుంది, రంగులో ఉంటుంది. ఆమె ఎప్పుడూ అయ్యేలా కాలేదు, అదే గుర్తు.

నాలుగు రోజులకి పొత్తికడుపు కుడివైపు నొప్పి మొదలైంది. ఊళ్ళో ఆర్ఎంపీ డాక్టరు గ్యాస్ అని ఇంజెక్షన్ ఇచ్చాడు. "ఏమ్మా, నెలసరి ఎప్పుడైంది?" అని అడగలేదు. అడిగినా, ఆపరేషన్ అయిందని ఆమె చెప్పేది, అతను ఊరుకునేవాడు. నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయని ఆశా కార్యకర్తతో అంటే ఆ అమ్మాయి తెలివిగా కిట్టుతో మూత్రపరీక్ష చేసింది. రెండు గీతలు.

ఈ చోట ఇంట్లో ఏం జరుగుతుందో మైక్ ముందు చెప్పడానికి నాకు ఇబ్బందేమీ లేదు. ఆపరేషన్ అయిన భార్యకి కడుపొచ్చిందంటే కొందరు మగవాళ్ళు ఆమెని అనుమానిస్తారు. ఆ భయంతోనే ఆమె ఎవరికీ చెప్పకుండా మందుల షాపులో గర్భం పోగొట్టే మాత్రలు తెప్పించుకుంటుంది. ఒక్క మాట సూటిగా చెబుతున్నాను, మగవాళ్ళు కూడా వినండి. ఆపరేషన్ అయిన రెండువందల మందిలో ఒకరికి మొదటి ఏడాదిలోనే గర్భం రావచ్చని వైద్య గ్రంథాల్లోనే ఉంది. ఆపరేషన్‌కి ముందు మీరు సంతకం పెట్టే కాగితంలో కూడా అది విఫలం కావచ్చన్న మాట ఉంటుంది. ఇందులో అనుమానించడానికేం లేదు.

ఇక ఆ మాత్రల సంగతి. అవి గర్భసంచి పొరని వదులు చేసి, గర్భసంచిని బిగించి లోపలిదాన్ని బయటకి నెడతాయి. ట్యూబులో ఉన్న గర్భం మీద వాటి ప్రభావం ఉండదు. కానీ గర్భసంచి పొర ఊడి రక్తస్రావం మాత్రం అవుతుంది. ఆమె పని అయిపోయిందనుకుంటుంది. లోపల ట్యూబు ఉబ్బుతూనే ఉంటుంది. వారానికో పది రోజులకో అది పగిలినప్పుడు, మాత్రలు వేసుకున్నాక వచ్చే నొప్పేలే అని ఇంట్లో పడుకోబెడతారు. ఆపరేషన్ అయినవాళ్ళు, కాపర్ టి ఉన్నవాళ్ళు గర్భం ఎక్కడుందో స్కానింగులో చూడకుండా ఈ మాత్రలు ముట్టుకోకూడదు.

మన కథలో ఆమె అదృష్టవంతురాలు. ఆశా కార్యకర్త ఏరియా ఆసుపత్రికి తీసుకెళ్ళింది. నాడి నిమిషానికి 96, బీపీ 110, 70. బాగానే ఉందనిపించే అంకెలు. వయసులో ఉన్న ఆడవాళ్ళలో లోపల చాలా రక్తం పోయేదాకా బీపీ తగ్గదు. అంతకంటే ముందే పెరిగేది నాడి. అందుకని ఆ 96ని మేము మామూలనుకోం. రక్తంలో గర్భం హార్మోను, హెచ్‌సీజీ, ఎంతుందో చూశారు. 1,900 యూనిట్లు. యోని ద్వారా చేసే స్కానింగులో గర్భసంచి పొర మందంగా ఉంది, లోపల సంచి లేదు. ట్యూబుల దగ్గర కూడా ఏమీ తేలలేదు. ఆ అంకెకి గర్భసంచిలో సంచి కనిపించే అవకాశం ఉంది గానీ, కనిపించి తీరాలని లేదు. తొలిరోజుల మంచి గర్భం కూడా కావచ్చు. అందుకని ఆమెని వార్డులోనే ఉంచి, సరిగ్గా 48 గంటలకి మళ్ళీ రక్తం తీశారు. ఇప్పుడు 2,300. అంటే పెరిగింది నూటికి 21 మాత్రమే. గర్భసంచిలో సవ్యంగా పెరిగే గర్భమైతే ఈ స్థాయిలో రెండు రోజుల్లో కనీసం నూటికి నలభై వరకు పెరగాలి. పూర్తిగా పోతున్న గర్భమైతే అంకె తగ్గాలి. సరిగా పెరగకుండా, తగ్గకుండా ఈ నడుమన ఆడే అంకే ట్యూబు గర్భానికి అలవాటు. రెండో స్కానింగులో కుడి అండాశయం పక్కన మూడు సెంటీమీటర్ల గడ్డ, కింద కొద్దిగా ద్రవం కనిపించాయి.

ఈ 48 గంటలు ఆగడం ఆమె స్థిమితంగా ఉంది కాబట్టే కుదిరింది. నొప్పి ఉన్నట్టుండి కత్తితో పొడిచినట్టు వచ్చినా, బాత్రూముకి వెళ్ళినప్పుడు కళ్ళు బైర్లు కమ్మి పడిపోయినా, మల విసర్జనకి వెళ్ళాలనిపిస్తూ అక్కడ ఏమీ కాకపోయినా, పడుకోగానే భుజం కొసన నొప్పి వచ్చినా ఇక అంకెల కోసం చూడరు. నేరుగా థియేటరుకే. భుజం నొప్పేమిటని మీకు వింతగా అనిపించవచ్చు. పొట్టలో చేరిన రక్తం ఊపిరితిత్తుల కింది పొర దాకా పాకి అక్కడి నరాన్ని రాపాడితే, ఆ నరం నొప్పిని భుజంలో చూపిస్తుంది. అలాంటప్పుడు ఇంటి దగ్గర ఏమీ తినిపించకుండా 108కి ఫోను చేయాలి. ఆపరేషన్ అయిందని, అయినా నెల తప్పిందని వచ్చినవాళ్ళతో మొదటి మాటగా చెప్పాలి.

ఆమెకి రెండు దారులు చెప్పారు. ఒకటి మెథోట్రెక్సేట్ ఇంజెక్షన్, రెండోది ఆపరేషన్. ట్యూబు పగలకుండా, గడ్డ చిన్నదిగా, హార్మోను తక్కువగా ఉన్నప్పుడు ఇంజెక్షన్ సరిపోతుంది. కానీ నాలుగో రోజు, ఏడో రోజు మళ్ళీ రక్తపరీక్ష చేయాలి, ఆ తరవాత అంకె సున్నాకి వచ్చేదాకా వారంవారం తిరగాలి. ఊరు దూరమైతే అది కష్టం. ఇక పిల్లలు కావాలనుకునే వాళ్ళకి ట్యూబు దక్కుతుందనే ఆశతో ఆ కష్టం పడమంటాం. ఈమెకి ఆ అవసరం లేదు. అందుకని ల్యాప్రోస్కోపి చేసి కుడి ట్యూబుని తీసేశారు. లోపల చూస్తే ఎనిమిదేళ్ళ కిందటి కోత దగ్గర ఖాళీ స్పష్టంగా ఉంది. గర్భసంచి వైపు మిగిలిన ముక్క కొసలో కంటికి ఆనీ ఆనని రంధ్రం ఉంది. గర్భం బయటి ముక్కలో నిలిచి ఉంది. ఎడమవైపు మిగిలిన ట్యూబు ముక్కల్ని కూడా ఆమెని ముందే అడిగి తీసేశారు. ఒకవైపు ఇలా జరిగినవాళ్ళకి రెండో వైపు జరగదని నమ్మకం లేదు కాబట్టి. రక్తం గ్రూపు నెగెటివ్ అయ్యుంటే యాంటీ డి ఇంజెక్షన్ కూడా ఇచ్చేవాళ్ళు.

కాపర్ టి ఉన్నవాళ్ళ విషయంలో స్కానింగుకి అదనంగా ఒక ప్రశ్న ఉంటుంది. అసలు కాపర్ టి ఎక్కడుంది? తనకి తెలియకుండానే అది జారి పడిపోయి, ఉందనుకుని నిశ్చింతగా ఉన్నవాళ్ళు తక్కువేం కాదు. ముఖ్యంగా కాన్పు వెంటనే పెట్టినప్పుడు ఇలా జరుగుతుంది. పడిపోయిన తరవాత వచ్చిన గర్భం మామూలు గర్భమే, దానికి ప్రత్యేక ముప్పేం లేదు. కాపర్ టి దాని చోటునే ఉండి, గర్భం కూడా గర్భసంచిలోనే ఉంటే, దారాలు కనిపిస్తున్నంతవరకు దాన్ని తొలి నెలల్లోనే తీసేయడం మంచిది. తీసేటప్పుడు గర్భం పోయే అవకాశం కొంత ఉంది. అలాగే వదిలేస్తే అంతకంటే ఎక్కువ, పైగా ఇన్ఫెక్షన్, నెలలు నిండని కాన్పు కూడా వెంట రావచ్చు. బిడ్డకి రాగి వల్ల అవకరాలు వస్తాయని కొందరు భయపెడతారు, దానికి ఆధారాలు లేవు.

గర్భం గర్భసంచిలోనే ఉందని తేలాక ఉంచుకోవాలా వద్దా అన్నది ఆ ఇల్లాలి నిర్ణయం. వద్దనుకుంటే చట్టం ఆమె పక్షానే ఉంది. 1971 గర్భవిచ్ఛిత్తి చట్టం కుటుంబ నియంత్రణ పద్ధతి విఫలమవడాన్ని కారణంగా ఒప్పుకుంటుంది. 2021 సవరణ తరవాత పెళ్ళి కానివాళ్ళకి కూడా ఆ కారణం వర్తిస్తుంది. ప్రభుత్వాసుపత్రిలో ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళకి అది విఫలమైతే పరిహారం ఇచ్చే పథకం కూడా ఉంది. విఫలమైందని తెలిసిన 90 రోజుల లోపు దరఖాస్తు పెట్టాలి. దానికి ఆపరేషన్ అయినప్పుడు ఇచ్చిన సర్టిఫికెట్టు, ఇప్పటి స్కానింగు రిపోర్టు రెండూ కావాలి. చాలా ఇళ్ళలో ఆ సర్టిఫికెట్టు పెట్టె అడుగున ఎక్కడో ఉంటుంది. దాని మీద ఏ తేదీన, ఏ పద్ధతిలో, రింగుతోనా ముడితోనా, చేశారన్నది రాసి ఉంటుంది. నెల తప్పి ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు ఆ కాగితం వెంట తీసుకెళ్ళండి. లోపల ఎలాంటి ట్యూబులు ఉండవచ్చో సర్జనుకి ముందే తెలుస్తుంది.